భయం కాదు చెల్లీ, చప్పుడు

చెల్లీ, నరసన్నపేటలో మా వీధిలో ఆరేళ్ళ బాబు ఉన్నాడు. ఆటిజం ఉందని డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. పొద్దుగూకే వేళకి వాడికి చెమటలు పట్టేవి, గుండె దడదడలాడేది, చెవులు మూసుకుని తలుపు చాటుకు దూరేవాడు. బెదిరాడని అమ్మమ్మ తాయెత్తు కట్టించింది. వాళ్ళమ్మేమో "నేనున్నాను కదరా, భయమెందుకు" అంటూ వీపు నిమిరేది. దాంతో వాడు ఇంకా గింజుకునేవాడు.

మిక్సీ తిరుగుతుంటే కాసేపటికి మనం దాన్ని పట్టించుకోం. వాడి మెదడు అలా వదిలెయ్యలేదు. కుక్కర్ కూత, టీవీ, తాలింపు ఘాటు, ట్యూబ్‌లైట్ రొద, మెడ దగ్గర గుచ్చుకునే చొక్కా లేబుల్, అన్నీ ఒక్కసారే మీద పడతాయి. అప్పుడు ఒళ్ళు అచ్చం భయపడినట్టే చేస్తుంది. అందుకే మనం పొరబడతాం.

తేడా ఎలా తెలుస్తుందంటావా? ఏడుపుకి ముందు అరగంటలో ఇంట్లో ఏం జరిగిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఉత్త దిగులైతే ఇల్లు నిశ్శబ్దంగా ఉన్నా వస్తుంది. చప్పుళ్ళ బాధైతే, చప్పుడు ఆపి లైటు తీసేస్తే, ఏ మాటా చెప్పకుండానే మెల్లగా దిగుతుంది. వాళ్ళమ్మ రాసుకున్న పేజీల్లో ప్రతిసారీ మిక్సీ, కుక్కర్, సీరియల్ మూడూ కలిసిన వేళే కనబడింది. ఒక్కటుంటే వాడు ఓర్చుకుంటున్నాడు. అయితే దిగులూ, చప్పుళ్ళ బాధా రెండూ కలిసి ఉండొచ్చు కూడా. కొన్నాళ్ళకి కూత రాకముందే, కుక్కర్ కనబడితేనే వణికాడు. అది నిజమైన భయమే, చప్పుడు నేర్పిన భయం.

ఇప్పుడు ఆమె పచ్చడి పొద్దున్నే, వాడు బడికెళ్ళాక రుబ్బుతోంది. కుక్కర్ పెట్టేముందు వాడికి చెప్పి పెరట్లోకి పంపుతోంది. వంట వేళ టీవీ కట్టేస్తోంది. ట్యూబ్‌లైట్ తీసి పసుపు వెలుగు బల్బు పెట్టింది, లేబుళ్ళు కత్తిరించింది. మంచం పక్కన మూలలో పాత చీర అడ్డం కట్టి, లోపల రెండు బరువైన దిళ్ళు వేసింది. వాడికి వాడే అందులోకి వెళ్తాడు. అప్పుడు ఎవరూ ప్రశ్నలు వెయ్యరు. మాట కూడా చప్పుడే కదా.

నిమరడం మానేసింది. పైపైన తాకితే ఇలాంటి పిల్లల్లో చాలామందికి చిరాకు, గట్టిగా అదిమితే హాయి. అమెరికాలో ఆటిజంతో పెరిగిన టెంపుల్ గ్రాండిన్, పశువులను అదిమి పట్టే చట్రాన్ని చూసి తనకోసం అలాంటిదే ఒకటి చేసుకుంది. అయితే వాడు చేతులు చాపితేనే హత్తుకోవాలి, బలవంతం వద్దు. బరువు దుప్పట్లు చిన్నపిల్లలకి థెరపిస్టుని అడగకుండా వాడకు.

చెవులకి పెట్టే మఫ్‌లు సంత రోజున, డీజే ఊరేగింపు వెళ్ళేటప్పుడు మంచివే. రోజంతా పెడితే మాత్రం మామూలు చప్పుడు కూడా ఇంకా ఎక్కువగా వినబడటం మొదలవుతుంది. ఇన్నాళ్ళూ లేనిది ఉన్నట్టుండి చెవులు మూసుకుంటుంటే ముందు చెవి పోటు, చీము ఉన్నాయేమో డాక్టరుకి చూపించు. తర్వాత రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లాల్లో నడిచే డీఈఐసీ కేంద్రంలో ఉచితంగా చూస్తారు. వెళ్ళేటప్పుడు ఆ నోట్‌బుక్ పట్టుకెళ్ళు.