పువ్వు ఎంతుందో, ఎక్కడ పడిందో రాయండి

ఆన్‌లైన్‌లో బట్టలు అమ్మేచోట వివరణ రాసే పనికి కొత్తగా వచ్చినవాళ్లు ‘అందమైన ఫ్లోరల్ ప్రింట్ కుర్తీ’ అని రాసి ఊరుకుంటారు. కొనేవాళ్లకు దాంతో తెలిసేదేమీ లేదు. దగ్గరగా తీసిన ఫొటోలో గోరంత పువ్వు కూడా అరచేయంత కనిపిస్తుంది. పార్సిల్ విప్పాక, అనుకున్నది ఇది కాదని వెనక్కి పంపేస్తారు.

అందుకే ముందు టేపు పట్టుకోండి. అన్నిటికన్నా పెద్ద పువ్వును ఈ కొస నుంచి ఆ కొసకు కొలవండి. తర్వాత పువ్వుకీ పువ్వుకీ మధ్య ఖాళీ ఎంతుందో చూడండి. మీగడ రంగు కాటన్ మీద 4 అంగుళాల మెరూన్ పువ్వులు, మధ్యలో 6 అంగుళాల ఖాళీ ఉందనుకోండి. ఇంత ఎడంగా ఉన్న డిజైన్‌లో కటింగ్‌ను బట్టి పువ్వు చోటు మారిపోతుంది. ఒక పీసులో ఛాతీ మధ్యన పడితే, ఇంకోదాంట్లో పక్క కుట్టు దగ్గర సగం తెగిపోతుంది. పొట్టి చేతికి ఒక్క పువ్వూ రాకపోవచ్చు. ‘పువ్వు పడే చోటు పీసు పీసుకూ మారుతుంది’ అని తప్పక రాయండి. మెడ కిందో అంచునో కావాలని వేసిన ప్రింటైతే ఆ చోటు పేరు చెప్పండి.

ఆ తర్వాత కుర్తీని హ్యాంగర్‌కు తగిలించి పది అడుగులు వెనక్కి వెళ్లి చూడండి. ఎడంగా ఉన్న ఆ మెరూన్ పువ్వులు అక్కణ్ణుంచి కూడా విడివిడిగా తెలుస్తాయి. అదే నీలం మీద ఒత్తుగా వేసిన తెల్లటి చిన్న పువ్వులైతే కలిసిపోయి బూడిద నీలంగా కనిపిస్తాయి. ఆఫీసుకు వేసుకునేవాళ్లు అడిగేది ఈ సంగతే.

చిరుత ప్రింటూ అంతే. మచ్చలు చిన్నవైతే దూరానికి గోధుమ రంగు బట్టలా ఉంటుంది, పెద్దవైతే ముందు మచ్చలే కంటపడతాయి. జీబ్రా చారలకు వెడల్పు కన్నా అడ్డంగా ఉన్నాయా నిలువుగా ఉన్నాయా అన్నది ముఖ్యం.

కామోఫ్లాజ్‌తో చిక్కు వేరు. దాని మరకలు కుట్లనూ అంచులనూ మింగేస్తాయి. పైన కుట్టిన జేబు ఫొటోలో ఆనదు కాబట్టి జేబులెన్నో, ఎక్కడున్నాయో మాటల్లో చెప్పాలి. ‘ఆర్మీ ప్రింట్’ అనొద్దు. సైన్యం 2022లో తెచ్చిన కొత్త యూనిఫాం డిజైన్‌పై హక్కులు దానివే. ‘ఆలివ్, గోధుమ, నలుపు మరకలు, ఒక్కోటి 3 అంగుళాలు’ అంటే సరిపోతుంది.

అబ్‌స్ట్రాక్ట్‌కు చెప్పడానికి పువ్వూ లేదు, జంతువూ లేదు. ‘మోడ్రన్ డిజైన్’ అనకుండా కంటికి కనిపించేదే రాయండి: ‘తెలుపు మీద వెడల్పాటి కుంచె గీతల్లాంటి నీలం చారలు, అంచులు చెదిరినట్టు, ఎడమ భుజం నుంచి ఏటవాలుగా కిందికి. వీపు సాదా.’