మామూలు రేటు కంటే తక్కువకు ఆర్డర్ వస్తే తీసుకోవాలా?

సీఎంఏ, సీఏ ఇంటర్, ఎంబీఏ ఫైనాన్స్ చదివి కాస్టింగ్ విభాగంలో ఉద్యోగానికి వెళ్తే ఈ ప్రశ్న ఎదురయ్యే అవకాశం ఎక్కువ. ఫార్ములా అప్పజెప్పి ఊరుకుంటే సగం జవాబే చెప్పినట్టు.

నోటు పుస్తకాలు తయారుచేసే యూనిట్ ఒకటి ఉందనుకుందాం. నెలకు లక్ష పుస్తకాలు చేయగలదు, ప్రస్తుతం 70 వేలే చేస్తోంది. డీలర్లకు రేటు 40 రూపాయలు. కాగితం, అట్ట, బైండింగ్ కూలి, కరెంటు కలిపి పుస్తకానికి 26 రూపాయలు. అద్దె, జీతాలు, తరుగుదల నెలకు 7 లక్షలు, అంటే పుస్తకానికి 10. మొత్తం ఖర్చు 36. ఒక కాలేజీ యాజమాన్యం 20 వేల పుస్తకాలు 30 రూపాయల చొప్పున అడిగింది. అట్ట మీద తమ లోగో ఉండాలంది. దాని ముద్రణకు పుస్తకానికి రూపాయి, ప్లేట్లకు ఒకేసారి 10 వేలు అవుతాయి.

36 పడేదాన్ని 30కి అమ్మితే నష్టమేగా అని చాలామంది పొరబడేది ఇక్కడే. ఆ 7 లక్షలు ఆర్డర్ తీసుకున్నా, తీసుకోకపోయినా కట్టాల్సిందే. అదనంగా పెరిగేది 27 మాత్రమే. పుస్తకానికి 3 చొప్పున 60 వేలు మిగులుతాయి, ప్లేట్ల ఖర్చు పోగా 50 వేలు. కనీస ధర 27 రూపాయల 50 పైసలు. దానికి ఒక్క పైసా తగ్గినా వద్దనాలి.

అదే కాలేజీ 40 వేలు అడిగితే? ఖాళీ 30 వేలకే ఉంది. మిగతా 10 వేల కోసం డీలర్ల సరుకు ఆపాలి. అక్కడ పుస్తకానికి 14 వదులుకుంటాం, మొత్తం 1.40 లక్షలు. కొత్త ఆర్డర్ మీద వచ్చేది 1.10 లక్షలు. ఆర్డర్ పెరిగింది, 30 వేలు నష్టం వచ్చింది.

ఇక లెక్కలో కనిపించనివి. 30 రూపాయల సంగతి డీలర్ల చెవిన పడితే ఏమవుతుంది? వాళ్లు బేరమాడి ఒక్క రూపాయి తగ్గించినా 70 వేల పుస్తకాల మీద నెలకు 70 వేలు పోతాయి. సంపాదించిన 50 వేలను అదే మింగేస్తుంది. నా ఉద్దేశంలో ఇంటర్వ్యూలో మార్కులు పడేది ఈ పోలిక చెప్పినప్పుడే. కాలేజీ కూడా వచ్చే ఏడాది 30నే అసలు రేటనుకుంటుంది. పైగా నోటు పుస్తకాలకు గిరాకీ బడులు తెరిచే జూన్ ముందు ఎక్కువ. ఆర్డర్ మే దాకా సాగితే అప్పుడు యంత్రాలు ఖాళీగా ఉండవు, మన లెక్క మొదలైన ఆధారమే పోతుంది.

"అయితే వద్దంటారా?" అని అడిగితే, షరతులతో తీసుకుంటానని చెప్పండి. లోగో ఉంది కాబట్టి ఆ పుస్తకాలు షాపుల్లోకి రావడం కష్టం, అది మనకు కలిసొచ్చే విషయం. ఈ రేటు ఈ ఒక్క ఆర్డర్‌కేనని కొటేషన్‌లో రాయాలి, ఏప్రిల్ లోపు డెలివరీ ముగించాలి, సగం డబ్బు అడ్వాన్సుగా తీసుకోవాలి.