వేణువు ఎక్కడ విరిగింది? ఒక్క ఫోటోలో డాన్స్ గురువుగారు చూసేవి

కృష్ణాష్టమి దగ్గర పడితే చాలు, మన ఫోన్ల నిండా వేణుగోపాలుడి పోజుల ఫోటోలే. చెల్లెళ్లు, మేనకోడళ్లు, ఆఫీసులో కొలీగ్ వాళ్ల పాప, అందరిదీ ఒకటే ప్రశ్న: "ఎలా ఉంది? నిజం చెప్పు." నిజం ఎలా చెప్పాలో తెలియకే నేను ఒకసారి పెద్ద తప్పు చేశాను. ఆ కథలోంచే ఈరోజు పాఠం.

నేను చిన్నప్పుడు కూచిపూడి నేర్చుకున్నాను. ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా పిన్ని కూతురు వాళ్ల అపార్ట్‌మెంట్ ప్రోగ్రాంలో కృష్ణుడు. ఇంకా ఆరు రోజులుందనగా వాట్సాప్‌లో ఫోటో పంపింది. "అక్కా, చేతులు బాగా రావట్లేదంటున్నారు. రోజూ గంటసేపు వేళ్లే ప్రాక్టీస్ చేస్తున్నా. మణికట్టు నొప్పి కూడా వస్తోంది."

నేనేం చేశాను? ఆఫీసులో కోడ్ రివ్యూ చేసినట్టే చేశాను. ఫోటో మీద ఎర్ర సున్నాలు చుట్టి, పదకొండు తప్పులు రాసి పంపాను. "ఓకే అక్కా" అని రిప్లై వచ్చింది. సాయంత్రం పిన్ని ఫోన్ చేసి, "అది ఇంక చెయ్యనంటోందే" అంది.

ఆ రాత్రే ఫోటో పట్టుకుని మా గురువుగారి దగ్గరికి వెళ్లాను. ఆవిడ నా సున్నాలు పట్టించుకోలేదు. ఫోటోలో పాదాలు చూశారు, తర్వాత నడుము చూశారు. "ఆ ముందున్న కాలు ఒక్క అంగుళం పైకెత్తి నిలబడగలదా, అడుగు" అన్నారు. అంతే. చేతుల గురించి ఒక్క మాట లేదు!

ఆవిడ ఏం చూశారో ఇప్పుడు మెల్లగా చూద్దాం.

ముందు ఫోటోని నమ్మొచ్చా?

నా పదకొండు తప్పుల్లో మొదటిది "వేణువు ఎడమవైపు పట్టుకున్నావు, కుడివైపు ఉండాలి" అని. గురువుగారు ఫోటోలో వెనక గోడ మీదున్న క్యాలెండర్ చూపించారు. అక్షరాలన్నీ తిరగబడి ఉన్నాయి. అది ఫ్రంట్ కెమెరాతో తీసిన ఫోటో, అద్దంలో చూసినట్టు సేవ్ అయ్యింది. పిల్ల సరిగ్గానే పట్టుకుంది, తప్పు నాదే. కొన్ని ఫోన్లు ఇలా తిప్పి సేవ్ చేస్తాయి, కొన్ని చెయ్యవు. అందుకే కుడి, ఎడమ గురించి నోరు తెరిచే ముందు ఫోటోలో ఏదైనా రాత ఉందేమో చూడండి, లేదా వాచీ ఏ చేతికి పెట్టుకుంటుందో అడగండి.

రెండోది కెమెరా ఎత్తు. ఫోన్‌ని ఎత్తుగా ఉన్న అల్మారా మీద పెట్టి తీస్తే కాళ్లు పొట్టిగా కనిపిస్తాయి, మోకాలు ఎంత వంగిందో తెలియదు. మరీ దగ్గర నుంచి తీస్తే ముందుకొచ్చిన చెయ్యి పెద్దదైపోతుంది. నడుము ఎత్తులో, పది అడుగుల దూరం నుంచి, పాదాలు పూర్తిగా పడేలా తీసిన ఫోటో అయితేనే మన మాటకి విలువ. పాదాలు కట్ అయిన ఫోటో వస్తే మా గురువుగారు మొహమాటం లేకుండా "ఇంకోటి పంపమ్మా" అంటారు.

కళ్లు కింద నుంచి పైకి వెళ్లాలి

మనం ఫోటో చూడగానే ముందు మొహం చూస్తాం, తర్వాత చేతులు. గురువుగారు పాదాలతో మొదలుపెడతారు. ఎందుకంటే బరువు ఎక్కడుందో తెలిస్తే పైన జరిగే చాలా వాటికి కారణం తెలిసిపోతుంది.

వేణుగోపాలుడి భంగిమ గుర్తు తెచ్చుకోండి. బరువంతా ఎడమ కాలి మీద, ఆ మోకాలు కొంచెం వదులుగా ఉంటుంది. కుడి కాలు ముందు నుంచి అడ్డంగా వచ్చి, ఎడమ పాదం పక్కన మునివేళ్ల మీద ఊరికే ఆనుతుంది. మెడ, నడుము, మోకాలు, ఈ మూడు చోట్లా ఒంపు ఉంటుంది కాబట్టి దీన్ని త్రిభంగం అంటారు. కర్ణాటకలోని సోమనాథపురం కేశవాలయానికి వెళ్తే అక్కడి మూడు గర్భగుడుల్లో ఒకదాంట్లో వేణుగోపాలస్వామి ఇలాగే అడ్డకాలుతో నిలబడి కనిపిస్తాడు. అక్కడ ముందున్న కాలు ఏమీ మొయ్యట్లేదు. ఆ తేలికే ఆ భంగిమకి అందం.

మా చెల్లి ఫోటోలో ఆ ముందు కాలే బరువు మోస్తోంది. ఎలా తెలిసిందంటే, వేళ్లు నేలకి గట్టిగా అదుముకుని తెల్లబడి ఉన్నాయి. ఇంకో పరీక్ష మీరే ఫోన్‌లో చెయ్యొచ్చు. ఫోటో ఎడిటర్ తెరిచి, గొంతు గుంట నుంచి నేల వరకు నిలువుగా ఒక గీత గియ్యండి. అది నిలబడ్డ పాదం మీద పడాలి. మా చెల్లికి అది ఎడమ పాదం దాటి, ముందు కాలి వేళ్ల వైపు పడింది.

నడుము మడత ఏ వైపు?

నాకు అసలు తట్టని విషయం ఇదే. బరువు ఎడమ కాలి మీద సరిగ్గా ఉంటే నడుము ఎడమవైపుకి వస్తుంది, ఎడమ తుంటి కొంచెం పైకి లేస్తుంది, నడుము మడత ఎడమ పక్కన పడుతుంది. కుడి పక్క పొడుగ్గా సాగుతుంది, కుడి భుజం తేలిగ్గా పైకి వస్తుంది. వేణువు ఉండేది కుడివైపే కదా, ఆ చేతికి కావాల్సిన ఎత్తు అలా దొరుకుతుంది.

ముందు కాలి మునివేళ్ల మీద బరువు వేస్తే అంతా తారుమారు. మడమ లేచి ఉంది కాబట్టి ఆ కాలు పొడుగైనట్టు అవుతుంది, కుడి తుంటి పైకి తోసుకొస్తుంది. మడత కుడి పక్కకి మారిపోతుంది. కుడి భుజం కిందికి దిగుతుంది, దాంతో మోచెయ్యి కూడా జారిపోతుంది. చెల్లి కట్టిన నడుముపట్టీ చూస్తే చాలు, కుడివైపు పైకి, ఎడమవైపు కిందికి ఏటవాలుగా ఉంది.

కావాలంటే మీరే ఇప్పుడు లేచి నిలబడి, రెండు రకాలుగా చేసి చూడండి. మోచెయ్యి భుజం ఎత్తులో ఉంచడం ఒకసారి ఎంత కష్టమో, ఇంకోసారి ఎంత తేలికో తెలుస్తుంది.

ఇప్పుడు చేతులు

వేణువుకి రెండు చేతులూ మృగశీర్షం. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు మూడూ కలిపి, అరచేతిని కలిసే చోట ముందుకు వంచి, బొటనవేలు, చిటికెన వేలు నిలబెట్టాలి. జింక తలలా కనిపిస్తుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఏంటంటే, మూడు వేళ్లనీ మొదట్లో కాకుండా మధ్య కణుపుల దగ్గర వంచేస్తారు. అప్పుడు అది పిడికిలి సగం విప్పినట్టు ఉంటుంది. నోటికి దగ్గరున్న ఎడమ అరచెయ్యి మనవైపు, దూరంగా ఉన్న కుడి అరచెయ్యి బయటివైపు తిరిగి ఉండాలి. నిజంగా వేణువు వాయించేవాళ్ల చేతులు చూస్తే అలాగే ఉంటాయి.

కానీ వేళ్లు చూసే ముందు గురువుగారు వేణువు చూస్తారు. అదేంటి, చేతిలో వేణువు లేదు కదా అంటారా? ఊహించుకోవాలి! పెదవి నుంచి ఎడమ చెయ్యి, అక్కడి నుంచి కుడి చెయ్యి కలుపుతూ గీత గియ్యండి. అది ఒకటే తిన్నని గీత అయితే వేణువు ఉన్నట్టు. చెల్లి ఫోటోలో ఎడమ చెయ్యి వరకు తిన్నగా వెళ్లి, అక్కడి నుంచి కిందికి వంగిపోయింది. గురువుగారు నవ్వి, "పాపం కృష్ణుడి వేణువు విరిగిపోయిందే" అన్నారు.

జారిన మోచేతిని మోచేతితో సరిచెయ్యకుండా, పిల్ల మణికట్టు పైకి విరిచి చేతిని లేపాలని చూస్తోంది. నొప్పి అందుకే. గంటలకొద్దీ వేళ్లు ప్రాక్టీస్ చేసినా ఫలితం లేకపోవడానికీ అదే కారణం. వేళ్లు దాదాపు బాగానే ఉన్నాయి!

చెప్పే పద్ధతి

నా పదకొండు పాయింట్ల స్థానంలో గురువుగారు పంపమన్న మెసేజ్ ఇది: "నీ చిటికెన వేళ్లు రెండూ చక్కగా నిలబడ్డాయి, వాటిని కదపకు. ముందున్న కాలు ఒక్క అంగుళం పైకెత్తి, పడిపోకుండా నాలుగు లెక్కలు నిలబడు. తర్వాత చప్పుడు లేకుండా దింపు. అప్పుడు ఇంకో ఫోటో పంపు."

ఇందులో మూడు సంగతులున్నాయి. బాగున్నదాన్ని పేరు పెట్టి చెప్పారు, లేకపోతే పిల్ల దాన్ని కూడా మార్చేస్తుంది. తప్పు ఒక్కటే, అదీ నేలకి దగ్గరగా ఉన్నదే ఎంచారు. డిగ్రీల్లో కోణాలు చెప్పకుండా, ఒంటికి అర్థమయ్యే పని ఇచ్చారు.

మర్నాడు రెండో ఫోటో వచ్చింది. కాలు తేలికైంది, నడుముపట్టీ వాలు రెండోవైపుకి మారింది, మోచెయ్యి దానంతటదే లేచింది. వేణువు గీత తిన్నగా వచ్చింది. చేతుల గురించి మేం ఒక్క మాట కూడా అనలేదు. అప్పుడు రెండో సవరణ వెళ్లింది, చూపు గురించి. హస్తం వెళ్లే చోటికే దృష్టి వెళ్లాలని అభినయ దర్పణం చెప్తుంది. చెల్లి మాత్రం కెమెరాలోకి చూస్తోంది. "వేణువు చివర చూడు" అంటే సరిపోయింది.

ఫోటో చెప్పలేనివి

ముందు నుంచి తీసిన ఫోటోలో నడుము వెనక్కి తోసుకుపోయిందో లేదో తెలియదు, దానికి పక్క నుంచి ఇంకోటి కావాలి. భంగిమలోకి ఎలా వచ్చింది, తాళంలో ఉందా, ఎంతసేపు నిలబడగలదు, ఇవేవీ ఫోటోలో ఉండవు. నొప్పి అసలు కనపడదు. అందుకే గురువుగారు తీర్పు చెప్పకుండా ప్రశ్న అడిగారు. మోకాలు నొప్పి అంటే మాత్రం సవరణలన్నీ ఆపి డాక్టర్‌కి చూపించమనాలి.

ఇంకో జాగ్రత్త. తల ఎంత వాల్చాలి, వేణువు ఎంత ఎత్తులో పట్టాలి అన్నది ఒక్కో బాణీలో ఒక్కోలా ఉంటుంది. మీరు నేర్చుకున్నదానికి వేరుగా కనిపిస్తే "తప్పు" అనకండి. "మీ టీచర్ ఇలాగే నేర్పారా?" అని అడగండి. బరువు పడే చోటు, విరిగిన వేణువు లాంటివైతే ఏ బాణీలోనైనా చెప్పొచ్చు.

అన్నట్టు, ప్రోగ్రాం రోజు చెల్లి వేసింది. స్టేజి మీద నుంచి దిగగానే నా దగ్గరికి వచ్చి అడిగిన మొదటి మాట, "అక్కా, వేణువు విరగలేదుగా?"

విరగలేదు.