కోసుకున్న వేలు – వంటింటి పని

నిజాంసాగర్ ప్రాజెక్టు దగ్గర ఒక చిన్న కాంటీనులో కొత్తగా చేరిన వంటవాళ్లకు చెప్పిన పాఠం ఇది. వాళ్లలో ఇద్దరు ఇళ్లలో వంట చేసి వచ్చినవారు, ఒకరు పెళ్లి వంటల్లో పనిచేసినవారు. కత్తి పట్టడం వాళ్లకు మనం నేర్పనక్కరలేదు. కత్తి వేలికి తగిలిన తర్వాత ఏం చేయాలో, ఎప్పుడు వంట పాత్రకు దూరంగా ఉండాలో మాత్రం తెలుసుకోవాలి. హోటలు, హాస్టలు, అంగన్‌వాడీ, బడి వంటవాళ్లందరికీ ఇదే వర్తిస్తుంది.

ఒక విమానంలో జరిగిన సంగతి

1975 ఫిబ్రవరిలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానమొకటి టోక్యో నుండి అలాస్కాలోని యాంకరేజ్ మీదుగా యూరప్‌కు వెళ్లింది. అందులో 344 మంది ప్రయాణికులు ఉన్నారు. కోపెన్‌హాగన్ చేరబోయే ముందు అందరికీ ఉదయపు ఫలహారంగా ఆమ్లెట్టు, పంది మాంసపు ముక్కలు పెట్టారు. కాసేపటికే ఒకరి తర్వాత ఒకరికి వాంతులు, కడుపునొప్పి, విరేచనాలు మొదలయ్యాయి. 196 మంది ప్రయాణికులు జబ్బుపడ్డారు. 140 మందికి పైగా ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది.

వైద్యాధికారులు వెనక్కి వెతుక్కుంటూ యాంకరేజ్ వంటశాలకు వెళ్లారు. ఆ మాంసపు ముక్కలను చేత్తో సర్దిన వంటవాడి వేళ్లమీద చీముపట్టిన పుండ్లు కనిపించాయి. ఆ పుండులోని క్రిమీ, మిగిలిన ఆహారంలో దొరికిన క్రిమీ ఒకే రకమని తేలింది.

పుండు ఒక్కటే అయితే అంత నష్టం జరిగేది కాదు. సర్దేటప్పుడు ఆ ముక్కలు గంటల తరబడి గది వేడిలోనే ఉన్నాయి. తర్వాత పెట్టిన చోట కూడా చల్లదనం చాలలేదు. విమానంలో మళ్లీ కొన్ని గంటలు గడిచాయి. చివరకు వడ్డించే ముందు వేడి చేశారు. వేడి చేసినా ప్రయోజనం ఎందుకు లేకపోయిందన్నదే ఈ పాఠంలో ముఖ్యమైన సంగతి.

క్రిమి చచ్చినా విషం ఉంటుంది

ఈ క్రిమి పేరు స్టెఫైలోకోకస్ ఆరియస్. ఇది ఎక్కడినుంచో వచ్చేది కాదు. ఆరోగ్యంగా ఉన్న ముగ్గురిలో సుమారు ఒకరి ముక్కులో ఇది ఉంటుంది. చీముపట్టిన గాటు, సెగ్గడ్డ, గోరుచుట్టు, పగిలి చీముపట్టిన బొబ్బ దీనికి ఇల్లు. ఆ చీములో కంటికి కనబడనంత తగిలినా అన్నంలోకి, కూరలోకి లక్షల క్రిములు చేరతాయి.

వెచ్చగా ఉన్న ఆహారంలో ఈ క్రిమి వేగంగా పెరుగుతూ విషం వదులుతుంది. మన శరీరపు వేడి దానికి చాలా అనుకూలం. వేసవిలో మన వంటిళ్లు దాదాపు ఆ వేడిలోనే ఉంటాయి. తర్వాత కూరను మరిగిస్తే క్రిమి చస్తుంది గానీ, అది అప్పటికే వదిలిన విషం మరగడంతో పోదు. రుచి మారదు, వాసన రాదు, రంగు మారదు. అందుకే రుచి చూసి కనిపెట్టడం కుదరదు.

మన కాంటీనులోకే ఈ సంగతిని తెచ్చి చూద్దాం. మర్నాటి మధ్యాహ్నం కోడిగుడ్డు పులుసు కోసం రాత్రి 9 గంటలకు 60 గుడ్లు ఉడికించారనుకోండి. గోరుచుట్టు ఉన్న వేలితో ఒకరు పెంకులు తీసి గంపలో వేసి మూత పెట్టారు. ఫ్రిజ్‌లో చోటు లేక గంప గట్టుమీదే ఉంది. పొద్దున 11 గంటలకు గుడ్లను మరుగుతున్న పులుసులో వేశారు. 14 గంటలు క్రిములు పెరిగాయి, విషం తయారైంది. పులుసు మరిగింది కాబట్టి ఏమీ కాదని అందరూ అనుకుంటారు. ఒంటిగంటకు తిన్నవారు రెండు మూడు గంటలకే వాంతులతో మన దగ్గరికి వస్తారు.

ఈ విషం వల్ల వచ్చే జబ్బు గుర్తు అదే. తిన్న అరగంట నుండి 8 గంటల లోపల ఒక్కసారిగా వాంతులు మొదలవుతాయి. జ్వరం సాధారణంగా ఉండదు. ఎక్కువమందికి ఒక్కరోజులో తగ్గిపోతుంది. చిన్నపిల్లలు, ముసలివారు మాత్రం ఒంట్లో నీరు తగ్గి ప్రమాదంలో పడవచ్చు. వారికి వెంటనే ఓఆర్ఎస్ నీళ్లు కొంచెం కొంచెంగా పట్టిస్తూ ఆస్పత్రికి తేవాలి.

వేలు కోసుకున్న వెంటనే

మొదట కత్తిని పక్కన పెట్టి, పాత్రల దగ్గరనుండి రెండడుగులు వెనక్కి రావాలి. రక్తం పడిన ఉల్లిగడ్డ అయినా, మాంసమైనా పారవేయాలి. పైపైన కడిగి వాడకూడదు. ఆ కత్తినీ, కోసిన పలకనూ వేరొకరు సబ్బు నీళ్లతో కడిగి, తర్వాత మరిగిన నీళ్లు పోయాలి.

గాటును కారే నీటి కింద సబ్బుతో కడగాలి. తర్వాత ఉతికిన గుడ్డను మడిచి దానిమీద గట్టిగా నొక్కి, చేతిని గుండె కంటే పైకి ఎత్తి పట్టుకోవాలి. గడియారం చూసి 10 నిమిషాలు. మధ్యలో గుడ్డ ఎత్తి చూడవద్దు. ఎత్తిన ప్రతిసారీ గడ్డకట్టిన రక్తం కదిలి మళ్లీ కారుతుంది.

పసుపు, కాఫీ పొడి, సున్నం, బూడిద గాటులో పెట్టవద్దు. పసుపు పండే సీమలో ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది. వంటింటి డబ్బాలోని పసుపు ఎన్నో తడి చేతులు పడినది, శుభ్రమైన మందు కాదు. గాటులో ఇరుక్కున్న పొడిని మేము కుట్లు వేసే ముందు గీకి తీయవలసి వస్తుంది.

పది నిమిషాలు నొక్కినా రక్తం ఆగకపోతే, గాటు నోరు తెరుచుకుని ఉంటే, వేలు మొద్దుబారితే, వేలు మడవలేకపోతే ఆస్పత్రికి రావాలి. ధనుర్వాతం సూది ఎప్పుడు వేయించుకున్నారో జ్ఞాపకం చేసుకోండి. లోతైన లేదా మురికి గాయమైతే, చివరి సూది వేసి 5 సంవత్సరాలు దాటి ఉంటే మళ్లీ వేయించుకోవాలి. చక్కెర జబ్బు ఉన్నవారు చిన్న గాటునైనా చూపించుకోవడం మంచిది.

ప్లాస్టరు, దానిమీద గ్లౌజు

రక్తం ఆగి, గాటు చిన్నదై, చీము లేకపోతే కట్టు కట్టుకుని పని చేయవచ్చు. గుడ్డపీలిక పనికిరాదు. అది తడిసి, పులుసు పీల్చి, క్రిములకు చక్కని చోటవుతుంది. నీరు దిగని ప్లాస్టరు వేయాలి. చర్మం బాగా తుడిచి ఆరిన తర్వాత వేస్తేనే అది అంటుకుంటుంది. దొరికితే నీలం రంగుది కొనండి. నీలం రంగు కూర ఏదీ లేదు కాబట్టి, ఊడి పాత్రలో పడితే వెంటనే కనబడుతుంది. చర్మం రంగు ప్లాస్టరు చికెన్ కూరలో కనబడదు.

ప్లాస్టరుమీద గ్లౌజు తప్పనిసరి. గ్లౌజు ప్లాస్టరు ఊడిపడకుండా పట్టి ఉంచుతుంది, చెమటనూ రక్తాన్నీ ఆహారానికి తగలనివ్వదు. వేసుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి ఆరబెట్టండి. గ్లౌజు వేసుకున్నాక కూడా అది మీ చెయ్యే అని గుర్తుంచుకోండి. దానితో ముక్కు తుడుచుకుని, డబ్బులు తీసుకుని, మళ్లీ అన్నంలో పెడితే గ్లౌజు లేనట్టే. పచ్చిమాంసం ముట్టుకున్న తర్వాత, చిరిగిన తర్వాత, వేరే పనికి వెళ్లి వచ్చిన తర్వాత మార్చాలి. కడిగి మళ్లీ వాడవద్దు. కంటికి కనబడని చిల్లులు పడి ఉంటాయి.

పొయ్యి దగ్గర గ్లౌజుతో నిలబడవద్దు. పలుచని ప్లాస్టిక్ గ్లౌజు మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. గాటు ఉన్న రోజు పొయ్యి పని, పూరీలు వేయించే పని ఇంకొకరికి ఇవ్వండి. రబ్బరు గ్లౌజుతో చేతులు దురదపెట్టి దద్దుర్లు వస్తే నైట్రైల్ గ్లౌజు అడగండి.

ఎప్పుడు పని ఆపాలి

అక్కడున్న ఒక అక్క అడిగింది: "సిస్టరమ్మా, గింత గాటుకు పని ఆపితే కూలి పోదా? మా ఇంట్ల పొయ్యి ఎట్ల మండాలె?"

న్యాయమైన ప్రశ్న. శుభ్రమైన గాటుకు పని ఆపనక్కరలేదు. చీము ఉంటే మాత్రం వండిన ఆహారాన్ని ముట్టుకోకూడదు. గాటు చుట్టూ ఎర్రబడి వాచి, వేడిగా, గుంజినట్టు నొప్పిగా ఉంటే చీము పడుతున్నట్టు లెక్క. వేళ్లమీద, అరచేతిమీద, మోచేతి దాకా సెగ్గడ్డ ఉన్నా అంతే. దానిమీద రెండు గ్లౌజులు వేసినా ఒప్పుకోవద్దు. చీము ఆగి, పుండు ఎండి, డాక్టరు చూసిన తర్వాతే తిరిగి వంటకు రావాలి.

వాంతులు, విరేచనాలు ఉన్నవారు అవి పూర్తిగా ఆగిన తర్వాత కూడా 48 గంటలు వంటింట్లోకి రాకూడదు. కామెర్లు, టైఫాయిడ్ వచ్చినవారు డాక్టరు చెప్పేవరకు ఆగాలి.

ఇక కూలి సంగతి. ఆ అక్కకు జవాబు యజమాని చెప్పాలి కాబట్టి ఆయనను కూడా అక్కడే కూర్చోబెట్టాం. వేలు పండిన మనిషికి గల్లాపెట్టె దగ్గర, సరుకుల లెక్క దగ్గర, బయట ఊడ్చే దగ్గర పని ఇవ్వవచ్చు. కూలి కోస్తే ఏమవుతుంది? రేపటినుండి అందరూ వేలు దాచిపెడతారు. దాచిన వేలే ప్రమాదం. ఆయన కాసేపు ఆలోచించి, చెప్పినవారికి కూలి కోయనని అందరి ముందూ ఒప్పుకున్నాడు. ఆహార భద్రత చట్టం కింద 2011లో వచ్చిన నిబంధనలు కూడా వంటవారికి ఏటా ఒకసారి వైద్య పరీక్ష జరగాలనీ, అంటు జబ్బు ఉన్నవారిని ఆహారం ముట్టనివ్వకూడదనీ చెబుతున్నాయి.

మీరే చెప్పండి

పాఠం అయ్యాక వారిని అడిగిన ప్రశ్నలు ఇవి. మీ వంటింట్లోనూ అడిగి చూడండి.

1. గోరుచుట్టు ఉన్న వ్యక్తి గ్లౌజు వేసుకుని పెరుగన్నం కలపవచ్చా? కలపకూడదు. చీము ఉంటే గ్లౌజు చాలదు.

2. పొద్దున ప్లాస్టరు వేసుకున్నారు, మధ్యాహ్నం చూస్తే వేలిమీద లేదు. ఏం చేయాలి? దొరికేవరకు వడ్డన ఆపాలి. దొరకకపోతే ఆ వేలు తిరిగిన ఆహారం పారవేయాలి.

3. రాత్రి ఎవరో పుండు చేత్తో తీసిన గుడ్లు గట్టుమీద ఉన్నాయి. బాగా మరిగిస్తే సరిపోతుందా? దీనికి మొదట జవాబు చెప్పింది కూలి గురించి అడిగిన ఆ అక్కే: "క్రిమి చస్తది గని విషం చావది. పారబొయ్యాలె."