పెళ్లి ఉదయం వేదిక మారితే

ప్రశ్న: వానకు ఫంక్షన్ హాల్లోకి నీళ్లొచ్చి, మా అమ్మాయి పెళ్లినాటి ఉదయమే వేదిక మార్చాం. మెసేజ్ పెట్టినా చాలామంది పాత హాలుకే వెళ్లారు. ఎందుకని?

జవాబు: వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో పంపి ఉంటే, మీ నంబరు సేవ్ చేసుకోనివారికి అది చేరదు. మెసేజ్ క్షమాపణతో మొదలైనా అసలు విషయం కంటపడదు. ఇలా రాయాల్సింది:

“మా అమ్మాయి పెళ్లి వేదిక మారింది. పాత హాలుకు వెళ్లకండి. రామాలయం పక్కన కల్యాణ మండపానికి రండి. ముహూర్తం మారలేదు: ఈరోజు, ఆదివారం ఉదయం 10:42.”

కింద వధూవరుల పేర్లు, లొకేషన్, ఒక ఫోన్ నంబరు. ఆ నంబరు మీది కాకూడదు. కన్యాదానానికి పీటల మీద కూర్చున్నవారు ఫోనెత్తలేరు. బాబాయిదో మేనమామదో ఇవ్వండి. పెద్దవాళ్లకు ఫోన్ చేసే చెప్పాలి. పాత హాలు గేటు దగ్గర ముహూర్తం దాటేదాకా మనిషిని తప్పక నిలబెట్టండి.