లారీల లొల్లి

మా ఊరు ఎల్లారెడ్డి పక్కన. నిజాంసాగర్ నీళ్లు, వడ్లు, వడ్ల కొనుగోలు సెంటర్లు. దసరా సెలవులకి ఇంటికి పోతే, ఒక సెంటర్లో లెక్కలు చూసే మా చిన్నాన్న అడిగిండు: "ఏం రా, కంప్యూటర్ల చదువుతున్నవ్ గదా, లారీల లొల్లికి ఏమన్న చేస్తవా?"

లారీ తక్కువొస్తే కాంటా అయిన బస్తాలు వానలో తడుస్తాయి. "లారీల లొల్లి" అంటే మెషిన్ లెర్నింగ్‌కి ఏమీ అర్థం కాదు. అందుకే నేను అడిగిన మొదటి ప్రశ్న: నువ్వు ఏ నిర్ణయం, ఎప్పుడు తీసుకుంటవు? "సాయంత్రం నాలుగింటికి రేపటి లారీలు చెప్పాలె" అన్నడు. సో, నాలుగింటికి తెలిసిన విషయాలే మోడల్‌కి ఇవ్వాలి. రేపు పొద్దున చూసే తేమ రీడింగ్ ఇస్తే టెస్ట్‌లో బ్రహ్మాండంగా వస్తుంది, సెంటర్లో పనికిరాదు.

తర్వాత టార్గెట్. నోట్‌బుక్‌లో "లోడ్ అయిన బస్తాలు" కాలమ్ ఉంది, నేనైతే వెంటనే అదే తీసుకున్నా. తప్పు! ఒక లారీయే వచ్చిన రోజు 600 అని రాసి ఉంటుంది, కానీ ఇంకో 350 బస్తాలు అక్కడే పడి ఉన్నాయి. ఆ కాలమ్ నేర్చుకున్న మోడల్ వడ్లని కాదు, వచ్చిన లారీలనే నేర్చుకుంటుంది. మనకి కావాల్సింది తేమ 17 శాతం లోపుకొచ్చి, రేపు కొత్తగా సిద్ధమయ్యే బస్తాలు. అంటే పోయినవి, ప్లస్ సాయంత్రం మిగిలినవి, మైనస్ పొద్దున ఉన్నవి. మిగిలినవి రోజూ రాయకపోతే ఆ టార్గెట్ లేనట్టే. చిన్నాన్న ఇప్పుడు రాస్తున్నడు.

మెట్రిక్ దగ్గర ఇంకా మజా. బస్తా తక్కువ అంచనా వేస్తే తడుస్తుంది, ఎక్కువ వేస్తే లారీ ఖాళీగా నిలబడుతుంది. రెండూ సమానమా? "తడిస్తే మూడింతల నష్టం" అన్నడు చిన్నాన్న.

```
def loss(y, p):
    return 3*(y-p) if y > p else p-y
```

బేస్‌లైన్ ఆయనదే: నిన్నెంతో రేపూ అంతే. ఊహించిన అంకెలతో చూద్దాం. ఐదు రోజులు 500, 620, 900, 850, 400 అనుకోండి. "నిన్నటిలాగే" అంటే సగటు తప్పు 225 బస్తాలు. "నిన్నటికి 150 కలుపు" అంటే 240. మామూలు లెక్కలో మొదటిదే గెలిచింది. కానీ పై లాస్‌తో వేస్తే మొదటిది 425, రెండోది 305! మెట్రిక్ మారగానే విన్నర్ మారిపోయింది. నిజానికి మూడు-ఒకటి అంటే మోడల్‌ని సగటు కాదు, 75వ పర్సెంటైల్ అడగాలి.

ఇప్పుడు నా మోడల్ ఓడించాల్సింది ఆ "150 కలుపు"ని. దాన్ని ఈ సీజన్ చివరి రోజుల మీదే చూడాలి. డేటాని కలగాపులగం చేసి విడగొడితే రేపటిని చూసి నిన్నటిని చెప్పినట్టవుతుంది. ఇప్పటికైతే నా దగ్గర ఉన్నది పదకొండు రోజుల నోట్‌బుక్. అందుకే చిన్నాన్నకి ఇప్పటికి ఇచ్చింది మోడల్ కాదు, "మిగిలినవి" అనే ఒక కొత్త కాలమ్, నూటయాభై అనే ఒక అంకె.