‘చూద్దాంలే’ అనే జవాబుకు సెలవు పాలసీలో చోటివ్వొద్దు

హైదరాబాద్‌లో హెడ్డాఫీసు, విశాఖ దగ్గర ప్లాంటు, విజయవాడలోనూ వరంగల్‌లోనూ సేల్స్ ఆఫీసులు, మొత్తం మూడొందల మంది ఉద్యోగులు ఉన్న కంపెనీని ఊహించుకోండి. డిసెంబరు మొదటి వారంలో ముగ్గురు సంక్రాంతి సెలవు అడిగారు. అకౌంట్స్ మేనేజర్ ఆ సాయంత్రమే సరేనన్నాడు. సేల్స్ మేనేజర్ ‘చూద్దాంలే’ అన్నాడు. ప్లాంటు సూపర్‌వైజర్ నెల రోజులు నాన్చి, జనవరి పదిన కుదరదన్నాడు. ముగ్గురి దగ్గరా ఉన్నది ఒకే పాలసీ. అందులో సెలవు మంజూరు ‘మేనేజర్ విచక్షణ మేరకు’ అని ఒక్క ముక్క ఉంది. ముగ్గురూ ఆ విచక్షణే చూపించారు, కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం.

సెలవు పాలసీ రాసేవాళ్ళు సాధారణంగా ఏ సెలవు ఎన్ని రోజులన్న పట్టిక మీద ఎక్కువ సమయం పెడతారు. పేచీలు వచ్చేది మాత్రం పట్టికలో కాదు. అడిగిన సెలవు ఇవ్వకపోతే ఆ రోజులు ఏమవుతాయన్న దగ్గర వస్తాయి. మంజూరు, మరుసటి ఏడాదికి బదిలీ, నగదు మార్పిడి మూడూ అక్కడే కలుస్తాయి.

ముందు చట్టం ఏం చెబుతోందో చూద్దాం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆఫీసులకు, దుకాణాలకు వర్తించేది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేసిన ఉద్యోగికి ఆ తర్వాతి పన్నెండు నెలల్లో 15 రోజుల ఆర్జిత సెలవు, అంటే అందరూ ఈఎల్ అనేది, ఇవ్వాలంటుంది. దాన్ని 60 రోజుల దాకా పోగుచేసుకోనివ్వాలి. క్యాజువల్, సిక్ లీవులు చెరి 12 రోజులు. ఇక 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తిభద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ప్రకారం, ఏడాదిలో 180 రోజులు పనిచేసిన కార్మికుడికి ప్రతి 20 పనిరోజులకు ఒక రోజు వస్తుంది, మరుసటి ఏడాదికి 30 దాకా వెళ్తాయి. ఈ ‘కార్మికుడు’ అన్న నిర్వచనంలోకి మేనేజర్లు రారు.

ఒక్కో ఆఫీసుకు ఒక్కో లెక్క పెడితే ఏ మేనేజరూ గుర్తుపెట్టుకోలేడు. ప్రతి అంశంలోనూ రెండు చట్టాల్లో ఏది ఉద్యోగికి ఎక్కువ ఇస్తుందో చూసి, దానికి తగ్గకుండా అందరికీ ఒకే అంకె పెట్టడం మేలు. మన ఊహా కంపెనీకి ఏడాదికి 18 ఈఎల్‌లు, అంటే నెలకు ఒకటిన్నర, పోగు పరిమితి 60 అనుకుందాం. ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటుంది. ఎక్కడినుంచో తెచ్చుకున్న నమూనా పాలసీలో 30 అనో 45 అనో ఉంటుంది, దాన్ని అలాగే దించేస్తారు. మహారాష్ట్ర చట్టంలో పరిమితి 45. మన రెండు రాష్ట్రాల ఆఫీసు ఉద్యోగికి 45 దగ్గర గీత గీస్తే అది చట్టం కన్నా తక్కువే.

ఇప్పుడు మంజూరు సంగతి. ఒకటి రెండు రోజుల సెలవైతే నేరుగా పై అధికారి ఒక పనిరోజులో తేల్చాలి. మూడు రోజులు, ఆపైన అయితే వారం ముందు అడగాలి, మూడు పనిరోజుల్లో జవాబివ్వాలి. గడువు దాటినా జవాబు రాకపోతే ఏమిటన్నది కూడా రాయాలి. చిన్న సెలవైతే మంజూరైనట్టే లెక్క, పెద్దదైతే అర్జీ దానంతటదే పై మేనేజర్‌కు వెళ్తుంది. మౌనాన్ని అన్ని చోట్లా మంజూరు కింద లెక్కేస్తే ప్లాంటులో షిఫ్టు ఖాళీ అవుతుంది, తిరస్కారంగా లెక్కేస్తే ఏమీ చెయ్యని మేనేజర్‌దే గెలుపు. ఒంట్లో బాగోలేక తీసుకునే సెలవు ఈ దారిలోకి రాకూడదు. దానికి షిఫ్టు మొదలయ్యేలోగా ఒక ఫోనో, వాట్సాప్ మెసేజో చాలు. రెండు రోజులు దాటితే డాక్టర్ సర్టిఫికెట్.

కాదనడానికి ‘పని ఉంది’ అనేది కారణం కాదు, పని ఎప్పుడూ ఉంటుంది. పాలసీలో మూడే కారణాలు ఉంచండి: ఆ రోజుల్లో టీములో ఉండాల్సిన కనీస సంఖ్య దెబ్బతినడం, ముందే ప్రకటించిన తేదీ అడ్డురావడం, అర్జీ ఆలస్యంగా రావడం. కనీస సంఖ్యను కూడా ప్రతి టీముకూ ఏడాది మొదట్లోనే రాసిపెట్టాలి, ఆరుగురి టీములో నలుగురు అన్నట్టుగా. సంక్రాంతికీ దసరాకీ ఇదే కొలత. అడిగినవాళ్ళు ఎక్కువైతే ముందొచ్చినవాడికే ముందు అనే పద్ధతి సులువుగా కనిపిస్తుంది కానీ, ఏటా అక్టోబర్‌లోనే అర్జీ పెట్టే తెలివైనవాడికే ఏటా పండగ దక్కుతుంది. కిందటి ఏడాది అదే పండక్కి సెలవు దొరికినవాళ్ళు ఈసారి వరసలో వెనక్కి వెళ్తారని రాస్తే ఆ గొడవ ఉండదు.

కాదన్నప్పుడు మేనేజర్ సిస్టంలోనే రెండు విషయాలు నింపాలి: మూడింటిలో ఏ కారణం, బదులుగా ఏ తేదీలు. ఈ రెండూ నింపకుండా తిరస్కారం నమోదు కాకూడదు. ఎందుకో ఒక ఉదాహరణలో చూద్దాం.

అకౌంట్స్‌లో ఒక సీనియర్ ఉద్యోగి ఉన్నాడు. జనవరి ఒకటిన అతని ఖాతాలో 52 ఈఎల్‌లు ఉన్నాయి. ఏడాదిలో 18 జమయ్యాయి, నవంబర్ లోగా ఆరు వాడుకున్నాడు. డిసెంబర్ మధ్యలో ఇంటిల్లిపాదినీ రామేశ్వరం తీసుకెళ్ళాలని పది రోజులు అడిగాడు. జీఎస్టీ వార్షిక రిటర్న్‌కు గడువు డిసెంబర్ 31 కాబట్టి మేనేజర్ పంపలేకపోయాడు. ఏడాది చివర నిల్వ 64, పరిమితి 60. మిగిలిన ఆ నాలుగు రోజుల సంగతేంటి?

మేనేజర్ కారిడార్‌లో ‘జనవరిలో వెళ్దువుగానిలే’ అని ఊరుకుంటే, రికార్డులో అర్జీ పెండింగ్ అనో, వెనక్కి తీసుకున్నాడనో ఉంటుంది. జనవరి ఒకటిన సాఫ్ట్‌వేర్ నాలుగు రోజులు కోసేస్తుంది. ఉద్యోగి అడిగాడని తెలిసినవాళ్ళు ఇద్దరే, వాళ్ళలో ఒకరికి ఆ మాట గుర్తుండదు. అదే తిరస్కారం కారణంతో సహా నమోదై ఉంటే, ఆ నాలుగు రోజులు పరిమితితో సంబంధం లేకుండా వేరే పద్దులో నిలుస్తాయి. కోడ్ కార్మికుడి విషయంలో చెప్పేదీ అదే: అడిగినా ఇవ్వని సెలవు ఏ పరిమితీ లేకుండా ముందుకు వెళ్తుంది. కంపెనీలో అందరికీ దీన్నే వర్తింపజేయడం న్యాయం. అలాగని ఆ పద్దు ఏళ్ళ తరబడి పెరగనివ్వకూడదు. జూన్ లోగా ఉద్యోగి కోరిన తేదీల్లో ఆ రోజులు ఇవ్వాలి, రెండోసారి కాదనాలంటే డిపార్ట్‌మెంట్ హెడ్ సంతకం కావాలి.

ఒక హెచ్చరిక లెక్క వల్ల ఈ అవస్థ చాలావరకు తప్పుతుంది. అక్టోబర్ ఒకటిన, 45 దాటిన నిల్వలున్నవాళ్ళ జాబితా ప్రతి మేనేజర్‌కూ వెళ్ళాలి. మూడు నెలలు చేతిలో ఉంటాయి. డిసెంబర్ 20న పంపిన జాబితాతో ఎవరికీ ఉపయోగం లేదు.

రోజులు లెక్కపెట్టే తీరు కూడా ఇక్కడే తేల్చాలి. శుక్రవారం, సోమవారం సెలవు పెట్టినవాడికి మధ్య శని, ఆదివారాలు కూడా కోసే ‘శాండ్‌విచ్’ పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. కొందరు మేనేజర్లు అమలు చేస్తారు, కొందరు చూసీ చూడనట్టు పోతారు. కార్మికుల ఆర్జిత సెలవుకు మధ్యలోనూ చివర్లలోనూ వచ్చే సెలవు దినాలను కలపకూడదని పాత ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది, కోడ్ కూడా అదే దారిలో ఉంది. ప్లాంటులో చెల్లని నియమాన్ని ఆఫీసులో నడపడం దేనికి? పనిరోజులే లెక్క అని రాసేస్తే సరి.

ఇక నగదు. ఇందులో తగాదా ఎన్ని రోజులన్న దాని మీద కన్నా రోజుకెంత అన్న దాని మీదే ఎక్కువ. బేసిక్, డీఏ కలిపి నెలకు 39,000 వచ్చే ఉద్యోగి 42 రోజుల నిల్వతో రాజీనామా చేశాడనుకోండి. నెలను 30తో భాగిస్తే రోజుకు 1,300, మొత్తం 54,600. 26తో భాగిస్తే రోజుకు 1,500, మొత్తం 63,000. తేడా 8,400 రూపాయలు. పాలసీలో భాజకం రాసి లేకపోతే, ఒకరికి ఒక పేరోల్ గుమస్తా లెక్క, ఇంకొకరికి ఇంకొక గుమస్తా లెక్క అవుతుంది. వారానికి ఆరు రోజులు పనిచేసే చోట, సెలవు తీసుకునేటప్పుడు పనిరోజులే లెక్కపెట్టాం కాబట్టి నగదుగా మార్చేటప్పుడు కూడా 26తోనే భాగించడం సబబు. గ్రాట్యుటీ లెక్కలో వాడేదీ ఆ అంకే. అంకె ఏదైనా సరే, పైన వేసినట్టు ఒక పూర్తి లెక్కను పాలసీలోనే అచ్చువేయండి.

ఏది ఆధారమన్నది కూడా చూసుకోవాలి. జీతంలో బేసిక్‌ను ముప్ఫై శాతానికి కుదించి మిగతాది అలవెన్సుల్లో చూపించి, దాని మీద సెలవు డబ్బు కట్టే అలవాటు ఇక సాగదు. వేతనాల కోడ్ ప్రకారం మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలో కలుస్తాయి.

ఉద్యోగంలో ఉండగా నగదు ఎప్పుడు అడగొచ్చన్నది ఏడాదికి ఒక్కసారికి పరిమితం చేయండి, డిసెంబర్‌లో. కార్మికులకు ఏడాది చివర అడిగి తీసుకునే హక్కు కోడ్‌లోనే ఉంది, 30 దాటిన రోజులకు కూడా. మిగతావాళ్ళకు పది రోజులు దాటనివ్వకపోవడం మంచిదని నా అభిప్రాయం, లేకపోతే సెలవు రెండో జీతమై కూర్చుంటుంది, ఊరెళ్ళేవాడు ఉండడు. ఇలా తీసుకున్న డబ్బంతా పన్ను పడే ఆదాయమే. మానేసేటప్పుడో రిటైరయ్యేటప్పుడో వచ్చేదానికి మాత్రం ప్రైవేటు ఉద్యోగులకు జీవితం మొత్తం మీద 25 లక్షల దాకా మినహాయింపు ఉంది. 2023కు ముందు అది 3 లక్షలే. సెలవు నగదు మీద పీఎఫ్ కోత అక్కర్లేదని 2008లో మణిపాల్ అకాడమీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ సంగతులు మేనేజర్లు చెప్పకూడదు, పేరోల్ వాళ్ళే చెప్పాలి. ‘పన్ను పడదులే’ అని ఊరికే భరోసా ఇచ్చిన మేనేజర్ మాట తర్వాత కంపెనీ మాటవుతుంది.

మానేసిన కార్మికుడికి మిగిలిన సెలవుల డబ్బు రెండో పనిదినం ముగిసేలోగా చేతికందాలి. 45 రోజులకు ఫుల్ అండ్ ఫైనల్ అనే ఆనవాయితీని కార్మికుల విషయంలో కొట్టేయండి.

ముసాయిదా సిద్ధమయ్యాక, అందరికీ పంపేముందు, ఒక చిన్న పరీక్ష పెట్టండి. ఐదు అర్జీలు రాయండి: పండగ వారం, నిల్వ 64 ఉన్న డిసెంబర్ కేసు, శుక్ర సోమవారాలు, పొద్దున్నే ఫోన్ చేసి పెట్టిన సిక్ లీవు, 42 రోజుల నిల్వతో రాజీనామా. ప్లాంటు, సేల్స్, అకౌంట్స్ మేనేజర్లకు విడివిడిగా ఇచ్చి, పాలసీ కాగితం తప్ప ఇంకేమీ చూడకుండా జవాబులు రాయమనండి. ఎక్కడ జవాబులు వేరైతే అక్కడ వాక్యం తిరగరాయాలి, మేనేజర్‌కు ట్రైనింగ్ ఇచ్చి సర్దుకోవడం కాదు.

పాత నిల్వల సంగతి చివరికి మిగులుతుంది. కొత్త పాలసీ వచ్చేనాటికి కొందరికి తొంభై, నూట పది రోజులు ఉంటాయి. వాటిని ఒక్క రాత్రిలో 60కి కోయొద్దు. అమలు తేదీ నాటి నిల్వను విడి పద్దులో స్తంభింపజేసి, ఏడాదిలోగా వాడుకోవడమో, పాలసీలో రాసిన రేటుకే నగదు తీసుకోవడమో ఉద్యోగికే వదిలేయండి. ఆ పద్దు ఎంతో, గడువు ఏ తేదీయో ఆ నెల జీతం స్లిప్పు మీదే కనపడాలి.